జీతంలో ఈఎంఐలు ఎంతవరకు ఉండొచ్చు? పెళ్లికి 4 లక్షల లోను తీసుకోవాలా వద్దా

శ్రీను_ఏలూరు (ఆదివారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. మందుల కంపెనీలో రెప్‌గా పనిచేస్తున్నాను. మార్చిలో చెల్లి పెళ్లి. నా వంతుగా 4 లక్షలు సర్దాలి. జీతం పడే బ్యాంకు యాప్‌లో "మీకు 5 లక్షల లోను సిద్ధంగా ఉంది" అని రెండు నెలలుగా కనిపిస్తోంది. నిన్న బ్రాంచికి వెళ్లి అడిగాను. అక్కడి అబ్బాయి నా వివరాలన్నీ చూసి లెక్క కట్టి చెప్పాడు.

నా ఖాతాలో పడిన మూడు నెలల జీతం సగటు 64,000. ఇంటి లోను వాయిదా 17,356. బండి వాయిదా 3,900, ఇంకా ఏడు కట్టాలి. ఫోను వాయిదా 1,750, ఇంకా మూడు ఉన్నాయి. కొత్తగా 4 లక్షలు 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 9,307. ఫోను తొందరగా అయిపోతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరట. మిగతావి కలిపితే 30,563, అంటే జీతంలో 47 శాతం చిల్లర. "50 దాటలేదు సర్, మీకేం ఇబ్బంది లేదు" అన్నాడు.

ఆ మాట విన్నాక ధైర్యం వచ్చింది. కానీ ఇంట్లో చెబితే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. నా ప్రశ్న ఒక్కటే. 50 శాతం లోపు ఉంటే భయం లేనట్టేనా?

కిరణ్_మియాపూర్ (ఆదివారం, రాత్రి 10.05)

బ్రో, అది రిజర్వు బ్యాంకు రూల్. అన్ని వాయిదాలూ కలిపి ఆదాయంలో 50 శాతం దాటితే బ్యాంకు లోను ఇవ్వడానికే వీల్లేదు. అందుకే నీకు ఇస్తున్నారంటే నువ్వు హద్దులో ఉన్నట్టే. నాది ఒక దశలో 48 దాకా వెళ్లింది, ఏమీ కాలేదు. ధైర్యంగా తీసుకో.

నాయుడు_గాజువాక (ఆదివారం, రాత్రి 10.31)

మీ సిబిల్ స్కోరు ఎంతో చెప్పలేదు. 750 పైన ఉంటే వడ్డీ ఇంకొంచెం తగ్గించమని అడగొచ్చు. నాకు 781 ఉంది, ఒక్కరోజులో డబ్బు పడింది. స్కోరు బాగుంటే లోను గురించి టెన్షన్ పడక్కర్లేదు.

విశ్రాంత_మేనేజర్ (సోమవారం, ఉదయం 6.50)

శ్రీను గారూ, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రాజమండ్రిలో స్థిరపడ్డవాడిని. అందులో చాలా కాలం లోన్ల సీట్లోనే గడిచింది. మీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు నాకు కొన్ని సంగతులు తెలియాలి.

64 వేలలో ప్రతి నెలా తప్పకుండా వచ్చేది ఎంత, టార్గెట్ కొడితేనే వచ్చేది ఎంత? చీటీలు ఏమైనా కడుతున్నారా, కడితే పాడేశారా, ఇంకా పాడలేదా? బంగారం తాకట్టులో ఉందా? ఎవరి అప్పుకైనా షూరిటీ సంతకం పెట్టారా? చేబదులు తీర్చాల్సింది ఉందా?

ఇవన్నీ ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. బ్రాంచిలో ఆ అబ్బాయి తప్పు లెక్క కట్టలేదు. అతని ముందు ఉన్నవి రెండే: మీ ఖాతాలో పడిన జీతం, మీ క్రెడిట్ రిపోర్టులో కనిపించే వాయిదాలు. ఆ రెండింటితో కట్టిన 47 శాతం అది. మీ క్రెడిట్ రిపోర్టులో చీటీ కనిపించదు. బంగారం లోను కనిపిస్తుంది గానీ దానికి నెలవారీ వాయిదా ఉండదు కాబట్టి చాలాచోట్ల దాన్ని సున్నాగా వదిలేస్తారు. పిల్లల స్కూలు ఫీజు, ఇంట్లో పెద్దవాళ్ల మందులు అయితే ఎక్కడా ఉండవు.

నాయుడు గారూ, స్కోరు చెప్పేది పాత వాయిదాలు సమయానికి కట్టారా లేదా అని. జీతం ఎంతో స్కోరుకి తెలియదు. 780 స్కోరుతో వచ్చి, లోను తీసుకున్న ఏడాదికి వాయిదాలు తప్పినవాళ్లను నేను చాలామందిని చూశాను. అంతకుముందు ఒక్కటీ తప్పనివాళ్లే వాళ్లు.

కిరణ్ గారు చెప్పిన రూలు జీతగాళ్ల లోన్లకు లేదు. ఎంత శాతం దాకా ఇవ్వాలన్నది ఒక్కో బ్యాంకు సొంతంగా పెట్టుకుంటుంది. జీతం తక్కువైతే 40 దగ్గర ఆపుతారు, పెద్ద జీతమైతే 60 దాకా కూడా వెళ్తారు. 50 అనే అంకె మీరు వేరేచోట విని ఉంటారు.

పద్మ_ఖమ్మం (సోమవారం, ఉదయం 11.15)

ఆ 50 శాతం మా దగ్గరిది. నేను మహిళా సంఘాలతో పనిచేస్తాను. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన అది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి, ఏమీ తాకట్టు పెట్టించుకోకుండా ఇచ్చే మైక్రోఫైనాన్స్ అప్పులకే వర్తిస్తుంది. భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కలిపి ఒక కుటుంబం. ఆ కుటుంబానికి ఉన్న అన్ని అప్పుల నెల వాయిదాలూ, ఇప్పుడు కొత్తగా ఇచ్చేది కూడా కలిపి, నెల ఆదాయంలో సగం దాటకూడదు.

2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఏం జరిగిందో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు అప్పులు ఇచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా వెళ్లింది.

కానీ నిబంధన ఉన్నంత మాత్రాన సరిపోవడం లేదు. నా కళ్ల ముందు జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒకావిడ ఇంటి ఆదాయం మంచి నెలలో 20 వేలు. అంటే వాయిదాలు 10 వేలు దాటకూడదు. సంఘం అప్పు నెలకు 2,600, ఇంకో కంపెనీకి నెలకు 2,700 కడుతోంది. కొత్తగా వచ్చినవాళ్లది వారం కిస్తీ 1,150. వాళ్లు దాన్ని నాలుగుతో గుణించి 4,600 రాశారు. మొత్తం 9,900, హద్దులోనే ఉంది. కానీ ఏడాదికి 52 వారాలు. 1,150 చొప్పున ఏడాదికి 59,800 అవుతుంది, నెలకు చూస్తే 4,983. అప్పుడు మొత్తం 10,283, హద్దు దాటింది. ఐదు వారాలు పడిన నెలలో ఆవిడ పక్కింట్లో అప్పు చేసి కిస్తీ కట్టింది. మొదటిసారి ఎక్కడ తేడా వచ్చిందో ఆవిడకు అర్థమే కాలేదు.

కొన్నిచోట్ల ఆదాయం 20 వేలైతే ఫారంలో 25 వేలు రాసేస్తారు, శాతం సరిపోవడానికి. సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీద ఆదాయం ఎంత రాశారో చదివించుకోండి అని నేను ప్రతి మీటింగులో చెబుతాను.

శ్రీను_ఏలూరు (సోమవారం, మధ్యాహ్నం 2.20)

మేనేజర్ గారూ, అడిగినవన్నీ రాస్తున్నాను. ఇక్కడ దాచి లాభం లేదు.

ఖాయంగా వచ్చేది 55,000. మిగతాది ఇన్సెంటివ్. దసరా, దీపావళి నెలల్లో బాగా వచ్చింది, అందుకే సగటు 64 అయింది. గత ఏడాది ఏప్రిల్, మే, జూన్‌లో ఒక్క రూపాయి కూడా రాలేదు.

2 లక్షల చీటీ ఉంది, 20 నెలలది. బండి డౌన్ పేమెంటుకీ, ఇంటికి రంగులకీ అని పాడి తీసేసుకున్నాను. డివిడెండు పోను నెలకు 8,500 దాకా కడుతున్నాను, ఇంకా 11 నెలలు ఉంది. మా ఆవిడ గాజులు, హారం బ్యాంకులో పెట్టి నవంబరులో లక్షన్నర తీసుకున్నాం. వడ్డీ 9 శాతం, ఏడాది గడువు. షూరిటీలు లేవు.

మా ఆవిడ బ్లౌజులు కుడుతుంది. ముహూర్తాల్లో 12 వేలు దాకా వస్తుంది, మూఢమొచ్చిందంటే 6 వేలు కూడా కష్టమే.

విశ్రాంత_మేనేజర్ (సోమవారం, సాయంత్రం 5.45)

ధన్యవాదాలు. ఇప్పుడు ఒక కాగితం తీసుకుని నాతోపాటు రాయండి.

పైన ఆదాయం రాయాలి. గత ఏడాదిలో అన్నింటికన్నా తక్కువ వచ్చిన నెల ఏదో దాన్నే రాయండి, సగటు వద్దు. వాయిదా తేదీ మంచి నెల, చెడ్డ నెల చూసుకుని రాదు కదా. మీ విషయంలో అది 55,000. మీ ఆవిడ సంపాదన ప్రస్తుతానికి పక్కన పెడదాం, తర్వాత కలుపుదాం.

కింద వాయిదాలు. ఇల్లు 17,356, బండి 3,900, ఫోను 1,750. ఇంతవరకు 23,006. చీటీ 8,500 కలపండి, 31,506. బంగారానికి ఏడాది వడ్డీ 13,500 అవుతుంది, నెలకు 1,125 చొప్పున పక్కన పెట్టాలి. మొత్తం 32,631.

దీన్ని 55,000తో పోల్చండి. 59 శాతం దాటింది. శ్రీను గారూ, ఇది కొత్త లోను తీసుకోకముందు లెక్క. 9,307 కలిపితే 41,938, అంటే 76 శాతం. బ్రాంచిలో 47గా కనిపించింది మీ ఇంట్లో 76. ఒకే మనిషి, ఒకే లోను.

మీ ఆవిడ సంపాదన తక్కువ నెలది 6 వేలు కలిపి 61,000 అనుకున్నా ఇప్పుడు 53 శాతం, లోను తర్వాత దాదాపు 69.

నా అనుభవంలో ఒక్క జీతం మీద నడిచే ఇంటికి అన్నీ కలిపి 40 దగ్గర ఆగితే నిద్ర పడుతుంది. ఇంటి లోను ఉన్నవాళ్లకు 45 దాకా చూస్తాను, ఎందుకంటే వాళ్లకు అద్దె లేదు. అద్దె కట్టేవాళ్లయితే అద్దెను కూడా వాయిదాల్లో వేసి చూడమంటాను.

కిరణ్_మియాపూర్ (సోమవారం, సాయంత్రం 6.30)

సర్, రూల్ గురించి నేను తప్పు చెప్పాను, పద్మ గారికి థాంక్స్. కానీ చీటీని అప్పులో వేయడం నాకు నచ్చలేదు. చీటీ అంటే పొదుపు కదా? మా అమ్మ జీవితాంతం చీటీలు వేసే మమ్మల్ని చదివించింది.

సత్యవతి_తెనాలి (సోమవారం, రాత్రి 8.10)

కిరణ్ బాబూ, పాడనంతవరకు చీటీ పొదుపే. మీ అమ్మగారు చివరిదాకా ఆగి తీసుకుని ఉంటారు. పాడి డబ్బు చేతికి తీసుకున్నాక ఇక కట్టేదంతా బాకీ. అది ఆపితే షూరిటీ పెట్టినవాళ్ల ఇంటికి వెళ్తారు. పాడని చీటీ అయితే మరీ ఇబ్బంది వచ్చినప్పుడు పాడుకుని ఒడ్డున పడొచ్చు. శ్రీను బాబు విషయంలో ఆ దారి కూడా అయిపోయింది.

నేను పెద్దగా చదువుకోలేదు, శాతాలు నాకు తొందరగా ఎక్కవు. ఇంటి ఖర్చుల పుస్తకం మాత్రం ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. అందుకని ఇంకోవైపు నుంచి అడుగుతాను. వాయిదాలన్నీ పోయాక చేతిలో ఎన్ని రూపాయలు మిగులుతాయి, ఆ రూపాయలతో మీ ఇల్లు గడుస్తుందా? లక్షా యాభై వేలు జీతం వచ్చే ఇంట్లో 55 శాతం పోయినా 67 వేలు మిగులుతాయి. 25 వేలు వచ్చే ఇంట్లో 40 శాతం పోతే మిగిలేది 15 వేలే. రెండో ఇంటికి 40 శాతం కూడా ఎక్కువే.

మీ ఇంటి ఖర్చు ఎంతో రాయండి బాబూ. బియ్యం, పాలు, గ్యాస్, కరెంటు, పెట్రోలు, స్కూలు ఫీజులు ఏడాదికి ఎంతో దాన్ని పన్నెండుతో భాగించి.

శ్రీను_ఏలూరు (సోమవారం, రాత్రి 9.55)

అమ్మా, ఇప్పుడే ఇద్దరం కూర్చుని రాశాం. ఇంటి ఖర్చు 16,500 అయింది. పిల్లలిద్దరి ఫీజు ఏడాదికి 90 వేలు, అంటే నెలకు 7,500. మొత్తం 24,000. పండగలు, ఆసుపత్రి ఇందులో లేవు.

55, 6 కలిపి 61 వేలు. లోను తీసుకుంటే వాయిదాలకు 41,938 పోతుంది. మిగిలేది 19,062. నెలకు దాదాపు 5 వేలు తక్కువ పడుతోంది.

నిజం చెప్పాలంటే, ఇప్పటికే ఏప్రిల్, మే నెలల్లో కటకటగా గడిచింది. క్రెడిట్ కార్డు మీద 22 వేలు ఉండిపోయింది. దాని గురించి పైన రాయడం మర్చిపోయాను.

విశ్రాంత_మేనేజర్ (మంగళవారం, ఉదయం 7.05)

మర్చిపోలేదు, దాన్ని అప్పుగా అనుకోలేదు మీరు. చాలామంది అంతే. కార్డు బాకీ కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే, బాకీలో 5 శాతాన్ని నెల వాయిదాగా లెక్క వేయడం బ్యాంకుల్లో అలవాటు. మీకు 1,100. నా పైన లెక్కలో అది కూడా చేర్చుకోండి.

ఆ నెలకు 5 వేల లోటు ఎక్కడికి వెళ్తుందో కాస్త ఆలోచించండి. వాయిదాలు ఖాతాలోంచి వాటంతటవే పోతాయి, కాబట్టి మొదట్లో ఒక్కటీ తప్పదు. లోటంతా కార్డు మీద చేరుతుంది. ఇలాగే సాగితే ఏడాదికి 60 వేలు. దాని వడ్డీ నెలకు మూడు శాతం పైనే ఉంటుంది. కార్డు నిండాక దాన్ని తీర్చడానికి ఇంకో యాప్‌లో లోను. ఇంతవరకు స్కోరు బాగానే ఉంటుంది నాయుడు గారూ, అన్నీ సమయానికే కడుతున్నారు కదా. ఒక వాయిదా కట్టడానికి ఇంకోచోట అప్పు తెచ్చిన మొదటి నెలే అసలు ప్రమాదం మొదలైన నెల. ఖాతాలో డబ్బు లేక వాయిదా వెనక్కి వెళ్లడం అన్నది దానికి ఏడాది తర్వాత జరుగుతుంది.

యాదగిరి_భువనగిరి (మంగళవారం, ఉదయం 10.40)

సార్, నాది కిరాణా కొట్టు. నాకు నెల జీతం లేదు. రోజుకు 500 చొప్పున డైలీ ఫైనాన్సుకు కడుతున్న. బ్యాంకులో షాపు మీద లోను అడిగితే కౌంటరు ఎంత అన్నరు, రోజుకు 9 వేలు అని చెప్పిన. మరి నా శాతం ఎట్ల చూసుకోవాలె?

విశ్రాంత_మేనేజర్ (మంగళవారం, ఉదయం 11.30)

యాదగిరి గారూ, కౌంటరు మీ ఆదాయం కాదు. సరుకు డబ్బు, అద్దె, కరెంటు, చెడిపోయిన సరుకు పోను ఇంటికి తీసుకెళ్లేదే ఆదాయం. కిరాణాలో అది కౌంటరులో పదో వంతు ఉండటం కూడా గట్టిగానే చెప్పుకోవాలి. రోజుకు 900 అనుకుంటే నెలకు 27 వేలు. రోజుకు 500 అంటే నెలకు 15 వేలు. మీరు ఇప్పటికే సగం దాటారు. ముందు ఆ డైలీ ఎన్ని రోజుల్లో అయిపోతుందో చూడండి.

శ్రీను_ఏలూరు (మంగళవారం, మధ్యాహ్నం 1.15)

బ్రాంచి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. వాయిదా ఎక్కువ అనిపిస్తే ఆరేళ్లకు మార్చి 8,242కి తగ్గిస్తామంటున్నారు. అప్పుడు శాతం ఇంకా తగ్గుతుంది కదా?

విశ్రాంత_మేనేజర్ (మంగళవారం, మధ్యాహ్నం 3.00)

తగ్గుతుంది. అప్పు మాత్రం తగ్గదు, బరువు వెనక్కి జరుగుతుంది. ఇదే 4 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే వాయిదా 13,671, మొత్తం వడ్డీ దాదాపు 92 వేలు. అప్పుడు బ్రాంచి లెక్కలోనే 54 శాతం దాటేది, లోను వచ్చేది కాదు. ఐదేళ్లు అనగానే వాయిదా 9,307 అయింది, శాతం 47కి దిగింది, వడ్డీ లక్షా 58 వేలు అయింది. లోను హద్దులోకి వచ్చింది ఏళ్లు పెంచడం వల్లే.

అందుకే పెళ్లి, టూరు, ఫోను లాంటి వాటికి తీసుకునే లోనును మూడేళ్ల వాయిదాతో వేసి చూడమంటాను. మూడేళ్లకు హద్దులో పట్టకపోతే ఆ మొత్తం మీకు ఎక్కువ. ఇల్లు వేరు, అది ఇరవై ఏళ్లు వాడుకుంటారు.

కిరణ్_మియాపూర్ (మంగళవారం, రాత్రి 9.20)

శ్రీనూ, మొన్న నేను 48 శాతం అన్నాను కదా, అక్కడికి ఎలా వెళ్లానో చెప్పలేదు. 2021లో 30 లక్షల ఇంటి లోను, 7 శాతానికి, వాయిదా 23,259. తర్వాతి ఏడాది మొదట్లో కారు, వాయిదా 16,801. చేతికొచ్చే జీతం 92 వేలు. కారు సంతకం పెట్టిన రోజు 43 శాతం, హాయిగా ఉంది.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు మన బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5కి వెళ్లింది. నా ఇంటి వడ్డీ కూడా 9.5కి చేరింది. పాత వాయిదాలో దాదాపు అంతా వడ్డీకే పోతోంది, అసలు కదలడం లేదు. వాయిదా పెంచుకుంటే 27,600 పైన అయింది. అలా నేను కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకుండానే 48కి వెళ్లాను. ఆ ఏడాది నాన్నకు ఆపరేషన్ అయింది. అప్పుడు కంపెనీ బోనస్ రాకపోతే ఏమయ్యేదో. ఏమీ కాలేదు అని తేలిగ్గా రాసేశాను, సారీ.

నీ ఇంటి లోను కూడా ఫ్లోటింగ్, అంటే వడ్డీ మారుతూ ఉండేదైతే, ఒక శాతం పెరిగినా నెలకు వెయ్యి పైనే పెరుగుతుంది. ఆ వెయ్యికి కూడా చోటు ఉంచుకో.

విశ్రాంత_మేనేజర్ (బుధవారం, ఉదయం 6.40)

కిరణ్ గారు చెప్పినది చాలా అవసరమైన మాట. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పినదాని ప్రకారం, వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, ఏళ్లు పెంచుకోవాలా అన్నది బ్యాంకు మిమ్మల్ని అడగాలి. చాలామంది ఆ మెసేజ్ చదవరు.

శ్రీను గారూ, మీ కాగితం మీద ఇప్పుడు నెలలు రాయండి. ఏప్రిల్‌తో ఫోను పోతుంది. ఆగస్టుతో బండి పోతుంది. డిసెంబరుతో చీటీ పోతుంది. ఈలోపు కార్డు బాకీ కూడా తీర్చేస్తే జనవరిలో మీకు మిగిలేవి ఇల్లు 17,356, బంగారం వడ్డీ 1,125. అంటే 18,481, జీతంలో 33 శాతం చిల్లర. 45 దాకా వెళ్లొచ్చు అనుకుంటే అప్పుడు 6,200 వాయిదాకు చోటు ఉంటుంది. మూడేళ్ల మీద చూస్తే అది లక్షా 80 వేల లోను. ఏడాది ఆగితే మోయగలిగేది అంత. ఇప్పుడు మోయగలిగేది సున్నా.

పెళ్లి మార్చిలోనే కాబట్టి ఆగమని చెప్పలేను. పీఎఫ్‌లో చెల్లెలి పెళ్లికి అడ్వాన్స్ తీసుకునే వీలు ఉంది, మీకు ఎంత వస్తుందో పోర్టల్‌లో చూడండి. దానికి వాయిదా ఉండదు. మిగతాది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

సత్యవతి_తెనాలి (బుధవారం, ఉదయం 9.30)

మేనేజర్ గారూ, మీరంటే గౌరవం ఉంది గానీ పీఎఫ్ తీయమనడం నాకు మింగుడు పడటం లేదు. ప్రైవేటు ఉద్యోగం, చెప్పుకోదగ్గ పెన్షను రాదు. ముసలితనానికి ఉన్న ఒక్క ఆధారం అది. దానికన్నా తాకట్టులో ఉన్న హారం అమ్మేసి బంగారం లోను తీర్చేసి, మిగిలింది పెళ్లికి వాడుకోవడం మేలు. ఇప్పుడున్న రేటుకు మిగులుతుంది కూడా.

పద్మ_ఖమ్మం (బుధవారం, ఉదయం 10.10)

అక్కా, ఆ హారం ఆవిడది. అమ్మాలా వద్దా అన్నది ఆవిడే చెప్పాలి. శ్రీను గారూ, ముందు ఇంట్లో ఆవిణ్ని అడగండి.

శ్రీను_ఏలూరు (గురువారం, రాత్రి 10.20)

నిన్న అందరం కూర్చున్నాం. నాన్నకు నా కాగితం చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, నా వంతు 4 లక్షల్లో భోజనాలు, డెకరేషన్ తగ్గించుకుంటే రెండున్నరకు సరిపెట్టవచ్చు అన్నారు. చెల్లి కూడా అదే అంది. పీఎఫ్‌లో చూశాను, లక్షా 60 దాకా రావచ్చు. బాబాయి 90 వేలు వడ్డీ లేకుండా ఇస్తానన్నాడు.

మా ఆవిడ హారం అమ్మడానికి ఒప్పుకోలేదు. వాళ్ల అమ్మ పెట్టింది. నేను మళ్లీ అడగను. పీఎఫ్ గురించి సత్యవతి అమ్మ చెప్పింది కూడా మనసులో తిరుగుతోంది, ఇంకా అప్లై చేయలేదు. యాప్ లోను మాత్రం వద్దనుకున్నాం.

విశ్రాంత_మేనేజర్ (శుక్రవారం, ఉదయం 6.55)

మంచిది. బాబాయి గారి 90 వేలు కూడా కాగితం మీద రాయండి, వడ్డీ లేకపోయినా అది తీర్చాల్సిందే. చీటీ అయిపోయాక, వచ్చే జనవరి నుంచి నెలకు 5 వేలు ఇస్తానని ఇప్పుడే ఆయనతో చెప్పేయండి. 18 నెలల్లో తీరుతుంది.

ఒక్కటి అడగాలి. బంగారం గడువు ఏ తేదీ?

శ్రీను_ఏలూరు (శుక్రవారం, ఉదయం 8.15)

నవంబరు 18 సర్. అసలు, వడ్డీ కలిపి 1,63,500.

విశ్రాంత_మేనేజర్ (శుక్రవారం, ఉదయం 8.40)

చీటీ డిసెంబరు దాకా ఉంది. అంటే ఆ రోజుకి అసలు మీ దగ్గర ఉండదు, తిరగరాయించుకోవాల్సిందే. అలా చేయాలంటే ఏడాది వడ్డీ 13,500 చేతిలో ఉండాలి. అందుకే నెలకు 1,125 అన్నాను. ఈ నెల జీతం నుంచే విడిగా పెట్టగలరా?

శ్రీను_ఏలూరు (శుక్రవారం, ఉదయం 9.05)

ఈ నెల పెడతాను సర్. ఏప్రిల్, మేలో పెట్టగలనో లేదో ఇప్పుడే చెప్పలేను.